మూకుడు దగ్గర నిలబడేవాడికి: నూనె పుస్తకం, మొదటి వారం

తమ్ముడూ,

వారం రోజుల నూనె పుస్తకం చదివాను. ఏ వాయికి ఎంత వేడి ఉందో రాయమన్నప్పుడు మొహం చిట్లించావు కానీ, శనివారం పేజీ నువ్వు రాయకపోయుంటే ఆ రోజు బజ్జీలు ఎందుకు నూనె పీల్చాయో ఇద్దరికీ తెలిసేది కాదు. ముందు ఆ పేజీ సంగతే చూద్దాం.

సాయంత్రం అయిదింటికి నూనె 178 డిగ్రీలు. ఎనిమిది బజ్జీలు వేశావు, 162కి దిగింది, రెండు నిమిషాల్లో మళ్లీ ఎక్కింది. ఆ వాయి బాగుంది. ఆరున్నరకి జనం మీద పడేసరికి ఒకేసారి ఇరవై వేశావు. నూనె 140కి పడిపోయింది, కోలుకోవడానికి ఆరు నిమిషాలు పట్టింది. శనగపిండి పైపొర వెంటనే గట్టిపడాలంటే వేడి కావాలి. అది చాలకపోతే పిండిలో నీళ్లు మెల్లగా ఆవిరవుతూ బజ్జీ మెత్తగానే ఉంటుంది, బయటకు తీశాక నూనె లోపలికి దిగుతుంది. కాగితం మీద పెడితే తడి మరక పెద్దదయ్యేది అందుకే.

వేడి పడిపోయిందని మంట మొత్తం పెంచావు. అదీ పొరపాటే. వాయి తీసేశాక తగ్గించకపోవడంతో ఖాళీ మూకుడులో నూనె 205 దాటి పొగ వచ్చిందని నువ్వే రాశావు. ఒక్కసారి పొగ వచ్చినంత మాత్రాన నూనె పనికిరాకుండా పోదు, కానీ చెడటం వేగం అందుకుంటుంది. ఇకమీదట మన ఆరు లీటర్ల మూకుడుకి వాయికి ఎనిమిది బజ్జీలే, ఎంత రద్దీ ఉన్నా సరే. వాయి తీయడానికి అర నిమిషం ముందే మంట తగ్గించు. థర్మామీటర్ పుల్ల నూనె మధ్యలో ఉండాలి, అడుగుకి తగిలితే లేని వేడి చూపిస్తుంది.

శుక్రవారం ఇలాగే చేశావు. 176 నుంచి 160, మళ్లీ రెండు నిమిషాల లోపే పైకి. చిత్రమేమంటే చిన్న వాయిలతోనే ఎక్కువ ప్లేట్లు వెళ్లాయి, ఎందుకంటే మధ్యలో వేడి కోసం ఎదురుచూసే పని లేదు.

ఇక నూనె పరీక్ష. మీటరు చూపించే శాతం టోటల్ పోలార్ కాంపౌండ్స్ అని, నూనె విరిగిపోయి పుట్టే పదార్థాల లెక్క. 25 దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన, 2018 జులై నుంచి అమల్లో ఉంది. మన హోటల్లో 20 దాటితే మార్చేయాలన్నది నా నియమం. శుక్రవారం రాత్రి 17, శనివారం రాత్రి 21. ఆ పొగ, అడుగున మాడిన పిండి ముక్కలు, రెండూ కలిసి చేసిన పని అది. వాయి తీసి, బుడగలు పూర్తిగా తగ్గాక, నూనె వేడిగా ఉండగానే మీటరు పెట్టు. బుడగల్లో పెడితే లెక్క తప్పుతుంది.

మీటరుతో పాటు కళ్లు, ముక్కు కూడా వాడు. వాయి తీశాక కూడా అంచుల చుట్టూ చిన్న నురగ నిలిచిందా? గరిటె ఎత్తితే నూనె బంకగా సాగుతోందా? ఇంతకుముందు పొగ రాని వేడికే ఇప్పుడు వస్తోందా? రంగు ఒక్కటీ చూసి తేల్చకు. మసాలా పిండి, సోడా ఎక్కువైన పిండి మంచి నూనెని కూడా నల్లబరుస్తాయి. ప్రతి మూడు వాయిలకోసారి జల్లి గరిటెతో ముక్కలు తీసెయ్. ఉప్పు మూకుడు మీద చల్లకు, పళ్లెంలోకి వచ్చాకే.

కట్ మిర్చి విషయంలో నీకు చెయ్యి కుదిరింది. మొదట 160 దగ్గర పైపొర గట్టిపడేదాకా వేయించి తీయడం, అడిగాక ముక్కలు కోసి 180లో నిమిషంన్నర. అయితే సగం వేగినవి గంటకు మించి అలా బయట ఉంచొద్దు, రద్దీని బట్టి కొద్దికొద్దిగా వేయించుకో. పూర్తిగా వేగినవి వేడి పెట్టెలో 60 డిగ్రీల పైనే ఉండాలి, తీగ జాలీ మీద, ఒకదానిమీద ఒకటి పేర్చకుండా. మూత కాస్త తెరిచి ఉంచు, పూర్తిగా మూస్తే ఆవిరి పట్టి మెత్తబడతాయి. ఇరవై నిమిషాలు దాటితే తినడానికి బాగానే ఉంటాయి కానీ మన కౌంటర్ మీదకు రావు, మనవాళ్లు టీతో తినేస్తారు.

రేపు పొద్దున మూకుడు ఖాళీ చేద్దాం. నూనె చల్లారాక గుడ్డలో వడకట్టి ఆ నీలం డబ్బాలో పోయ్, కాలువలో కాదు. బయోడీజిల్ కోసం వాడిన నూనె తీసుకెళ్లే అతను మధ్యాహ్నం వస్తాడు. కొత్త నూనెలో పాతది ఒక్క గ్లాసు కూడా కలపకు. మూకుడు తోమాక ఎండబెట్టి, తడి లేదని చూసుకున్నాకే కొత్త నూనె పోయ్. తేదీ, మొదటి మీటరు లెక్క పేజీ పైన రాసిపెట్టు, సాయంత్రం వచ్చి చూస్తాను.

మీ అన్న