మీ 60,000 రూపాయల లెక్క

ఎంజీఎం ఆసుపత్రి దగ్గర రోగుల వెంట ఉండేవాళ్లకు ముప్పై రోజులు భోజనం పెడతామని మీ దగ్గర 60,000 తీసుకున్నాం. రోజుకు 80 మంది, ప్లేటుకు 25 రూపాయలు. ఇరవై ఆరో రోజుకే డబ్బు అయిపోయింది. నాలుగు రోజులు పెట్టలేకపోయాం. క్షమించండి.

తప్పు నా అంచనాలోనే జరిగింది. మనిషికి 100 గ్రాముల బియ్యం చాలనుకున్నా. కానీ ఊళ్ల నుంచి వచ్చి, రాత్రంతా వరండాలో మేలుకున్న మనిషికి అదే ఆ రోజు మొత్తానికి భోజనం. రెండోసారి అడిగితే లేదనలేకపోయాం. ఎనిమిది కిలోలకు బదులు పన్నెండు కిలోలు వండాం. కిలో 45 చొప్పున అదనంగా 4,680 అయింది. గ్యాస్ సిలిండర్ ఒకటి ఎక్కువ పట్టింది, 2,000.

ఇంకో 1,320 పప్పుచారుకు పోయింది. పొద్దున ఐదింటికి వండి, వేడి మీదే గంజుకు మూత బిగించాం. మధ్యాహ్నం తీస్తే పైన నురగ, పుల్లటి వాసన. మొత్తం పారబోసి మళ్లీ వండాం. ఆ రోజు గంటన్నర లైన్లో నిలబడ్డవాళ్ల ముఖాలు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

ఇప్పుడు పప్పు పదింటికి వండుతున్నాం, ఆవిరి పోయాకే మూత పెడుతున్నాం. ఈసారి మనిషికి 150 గ్రాముల లెక్కతోనే అడుగుతాను. బిల్లులన్నీ నా దగ్గరే ఉన్నాయి, ఎవరు అడిగినా చూపిస్తాను.