పడుకుంటే తగ్గే నొప్పి, పడుకోబెట్టి తీసిన స్కాన్

మాది పాలకొల్లు దగ్గర కాలవగట్టు ఊరు. పాలకొల్లులో ఒక బట్టల షాపులో చీరల కౌంటర్ నాది, పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా నిలబడే ఉంటాను. రెండో కాన్పు అయిన ఏడాదికి ఎడమ పక్క పొత్తికడుపులో నొప్పి మొదలైంది. పోటు కాదు, లోపల ఏదో బరువు కట్టి కిందకి లాగుతున్నట్టు ఉండేది. పొద్దున లేచినప్పుడు ఏమీ ఉండదు, మధ్యాహ్నం దాటాక మొదలై సాయంత్రానికి నిలబడలేను, ఇంటికొచ్చి అరగంట నడుం వాలిస్తే సగం తగ్గిపోతుంది. నెలసరికి వారం ముందు, కలయిక తర్వాత ఇంకా ఎక్కువ.

మూడేళ్లు తిరిగాను. గ్యాస్ అన్నారు, యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు, మూడు సార్లు స్కాన్ తీసి అంతా నార్మల్ అన్నారు. చివరికి ఒక ఆసుపత్రిలో "పిల్లలు పుట్టేశారు కదమ్మా, గర్భసంచి తీయించేసుకో" అన్నారు. మా అత్తయ్య గారు కూడా అదే మంచిదన్నారు, మా వీధిలోనే నలుగురికి తీసేశారు మరి. నాకప్పుడు 34 ఏళ్లు. స్కాన్‌లో బాగానే ఉన్న గర్భసంచిని ఎందుకు తీయాలో ఎవరూ చెప్పలేదు, అందుకే ఒప్పుకోలేదు.

నేను చేసిన తప్పు ఒకటుంది. ఎడమ తొడ లోపలి వైపు పైన, వెనకాల పిరుదు కింద, ఇంకా చెప్పాలంటే మర్మస్థానం పక్కన కూడా నీలంగా నరాలు ఉబ్బి ఉండేవి. సిగ్గుతో ఎవరికీ చూపించలేదు. కాలి నరాలు వేరే జబ్బు, కడుపునొప్పి వేరే జబ్బు అనుకున్నాను. చివరికి ఆ నరాల కోసమే రాజమండ్రిలో రక్తనాళాల డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను నిలబెట్టి, నరాల్లో రక్తం ఎటు పోతుందో చూపించే డాప్లర్ స్కాన్ చేశారు. మామూలుగా వెరికోస్ వెయిన్స్ పిక్క మీద, మోకాలి పక్కన కనిపిస్తాయట, నావి తొడ పైభాగంలో ఉన్నాయి కాబట్టి "కడుపులో నొప్పి వస్తుందా అమ్మా, నిలబడితే ఎక్కువవుతుందా?" అని ఆయనే అడిగారు. అన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

ఆయన చెప్పింది మన కాలవల భాషలో చెప్తాను. సిరల్లో రక్తం కిందకి జారకుండా లాకు తలుపుల్లాంటి కవాటాలు ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు రక్తం బాగా పెరిగి అండాశయం సిర సాగిపోతుంది, కొందరికి కాన్పు అయ్యాక కూడా ఆ తలుపులు మూసుకోవు. అప్పుడు నిలబడితే రక్తం వెనక్కి జారి గర్భసంచి చుట్టూ నిలిచిపోతుంది, అక్కడి నుంచి తొడ నరాల్లోకి దిగుతుంది. పై లాకు పాడైతే శివారు పొలంలో గట్టు వేసి ఏం లాభం? ముందు తొడ నరాలకు వైద్యం చేస్తే మళ్లీ వస్తాయన్నారు. దీన్నే పెల్విక్ కంజెషన్ సిండ్రోమ్ అంటారు. పడుకుంటే ఆ సిరలు ఖాళీ అవుతాయి కాబట్టి నా పాత స్కాన్‌లలో దొరకలేదు.

విశాఖలో కింద నుంచి చేసే స్కాన్ చేశారు, ఊపిరి బిగబట్టి ముక్కమన్నారు, కాసేపు నిలబెట్టి కూడా చూశారు. ఎడమ అండాశయం సిర 9 మిల్లీమీటర్లు ఉంది, ముక్కినప్పుడు రక్తం వెనక్కి పోవడం తెర మీద నాకే కనిపించింది. వెడల్పు ఒక్కటే చూసి జబ్బు అనరట, పిల్లలు పుట్టిన వాళ్లలో ఏ నొప్పీ లేకుండా కూడా సిర వెడల్పుగా ఉండొచ్చు. తర్వాత సీటీ తీశారు. ఎడమ అండాశయం సిర ఎడమ కిడ్నీ సిరలో కలుస్తుంది, ఆ కిడ్నీ సిర ధమనుల మధ్య నొక్కుకుపోయి ఉంటే రక్తానికి ఈ అండాశయం సిరే బయటికి దారి. వైద్యం అంటే ఈ సిరను మూసేయడమే కాబట్టి, నొక్కుడు ఉందో లేదో చూడకుండా మూసేస్తే ఇబ్బంది. నాకు నొక్కుడు లేదు.

మెడ దగ్గర మత్తు సూది వేసి, సన్నని గొట్టం లోపలికి పంపి, ఎక్స్‌రేలో రంగుమందుతో చూస్తూ ఆ సిరలో నురగ మందు, లోహపు చుట్టలు పెట్టి మూసేశారు. ఎంబోలైజేషన్ అంటారు. కోత లేదు, కుట్లు లేవు, నేను మెలకువగానే ఉన్నాను. మర్నాడు ఇంటికి వచ్చేశాను. అయితే నాలుగు రోజులు నడుంలో, పొత్తికడుపులో సలుపు, కొంచెం జ్వరం ఉన్నాయి. అది ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు. జ్వరం బాగా పెరిగినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే రమ్మన్నారు.

నొప్పి మర్నాడే పోలేదు. రెండో నెలకి గానీ తేడా తెలియలేదు. ఇప్పుడు ఎనిమిది నెలలైంది, సాయంత్రం బరువు దాదాపు లేదు, నెలసరి ముందు రెండు రోజులు మాత్రం కొంచెం వస్తుంది. తొడ నరాలు కాస్త చదునయ్యాయి గానీ పోలేదు, వచ్చే నెల వాటికి విడిగా నురగ సూది వేస్తారు. షాపులో ఓనర్ గారిని అడిగి కౌంటర్ వెనక ఒక స్టూల్ వేయించుకున్నాను.