సిప్ లాగ్, మూడో ఏడాది: 11,000 నుంచి 12,100కి

బెంగళూరులో చాలా కంపెనీల్లో లాగే మాకూ హైక్ ఏప్రిల్ నుంచి లెక్క, లెటర్ వచ్చేది మాత్రం జూన్‌లో, ఏరియర్స్‌తో కలిపి. అందుకే నా సిప్ పెంపు జూలైలో పెట్టుకున్నాను. మొదటి ఏడాది నెలకు 10,000, పోయినేడు 11,000, ఇప్పుడు 12,100. ఏటా 10 శాతం పెంచడమే ప్లాన్.

ముందు పేస్లిప్ సంగతి. గ్రాస్ 80,000, హైక్ 9 శాతం, అంటే 7,200. బేసిక్ సగం కాబట్టి అది 3,600 పెరిగింది, దాని మీద పీఎఫ్ 12 శాతం అంటే 432 అక్కడే పోయింది. ఏడాదికి గ్రాస్ 12.75 లక్షలు దాటలేదు కాబట్టి కొత్త పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ ఇంకా సున్నాయే (అది దాటాక ఇదే 9 శాతం హైక్ చేతికి ఇంకా చిన్నగా వస్తుంది, షీట్‌లో ఆ ఏడాదికి ఇప్పుడే ఎర్ర రంగు పూసి పెట్టాను). మిగిలింది 6,768. మారతహళ్లిలో ఇంటి అద్దె 22,000, పదకొండు నెలల అగ్రిమెంట్ రెన్యువల్‌కి ఓనర్ 5 శాతం వేశాడు, అంటే 1,100. సిప్ పెంపు కూడా సరిగ్గా 1,100. ఓనర్‌కి ఎంతో నాకూ అంతే! రెండూ పోయాక ఇంకా 4,500 పైన మిగిలింది కాబట్టి ఈ పెంపు ఇంట్లో ఎవరికీ తెలియనే తెలియలేదు. జీతం 9 శాతం, సిప్ 10 శాతం పెరుగుతున్నాయి కాబట్టి చేతికొచ్చే దానిలో సిప్ వాటా ఇప్పుడు 15 శాతానికి కాస్త తక్కువ, ట్యాక్స్ పక్కన పెట్టి ఇలాగే సాగితే 20వ ఏడాదికి 17 శాతం దాటుతుంది. అది మోయగలిగిందే.

ఇక అసలు సరదా, షీట్. బీ కాలమ్‌లో ఆ ఏడాది నెలవారీ మొత్తం, సీ కాలమ్‌లో ఏడాది చివరికి పోగైన మొత్తం, రెండో వరుస మొదటి ఏడాది:

```
B2: 10000
B3: =B2*1.1
C2: =FV(1%,12,-B2,0,1)
C3: =FV(1%,12,-B3,-C2,1)
```

B3, C3లను 21వ వరుస దాకా లాగితే 20 ఏళ్లు. నెలకు 1 శాతం రాబడి అనేది నా ఊహే, మార్కెట్ ఇలా మెట్లు కట్టినట్టు నడవదు, ఆ అంకె మార్చుకుని చూసుకోండి. C2లో 1,28,093 వస్తే ఫార్ములా సరిగ్గా పడినట్టు.

20 ఏళ్లూ 10,000 దగ్గరే ఉంటే 99.9 లక్షలు. ఏటా 10 శాతం పెంచితే 1.99 కోట్లు. ఈ రెండో అంకె చూపించి "చూశారా, డబుల్!" అనేవాళ్లు కట్టిన డబ్బు సంగతి ఎత్తరు. మొదటి దాంట్లో జేబులోంచి పోయింది 24 లక్షలు, రెండో దాంట్లో 68.7 లక్షలు. డబ్బు మూడింతలకు కాస్త తక్కువ పెట్టి ఫలితం రెండింతలు తెచ్చుకున్నాం, అంతే, ఇందులో మాయేమీ లేదు. రాబడి సున్నా అనుకున్నా పెంచినవాడి దగ్గర 68.7 లక్షలు, పెంచనివాడి దగ్గర 24 లక్షలు ఉంటాయి కదా, కాబట్టి మార్కెట్ నీరసంగా ఉంటే ఈ తేడా నిష్పత్తిలో ఇంకా పెరుగుతుంది.

నాకు ఆసక్తిగా అనిపించింది వేరే. పెంచడం ఎప్పుడు చేస్తాం అనేదాన్ని మార్చి చూశాను. మొదటి పదేళ్లు పెంచుకుంటూ వెళ్లి, పదో ఏట 23,579 దగ్గర ఆపేసి, తర్వాత పదేళ్లూ అంతే కట్టామనుకోండి: 1.66 కోట్లు. తిరగేసి, మొదటి పదేళ్లు 10,000 దగ్గరే కూర్చుని పదకొండో ఏట నుంచి 10 శాతం చొప్పున పెంచితే: 1.14 కోట్లు. అంటే అసలు పెంచకపోతే వచ్చే దానికన్నా కేవలం 14 లక్షలు ఎక్కువ. మొదటివాడు మొత్తం 47 లక్షలు, రెండోవాడు 33 లక్షలు కడతారన్నది నిజమే, కానీ ఆ 14 లక్షల తేడా చివరికి 52 లక్షలైంది. ఇదే విషయం ఇంకోలా: 20 ఏళ్లూ పెంచే ప్లాన్‌లో మొదటి ఐదేళ్లలో కట్టే 7.3 లక్షలు చివరికి 59 లక్షలవుతాయి, ఆఖరి ఐదేళ్లలో కట్టే 30.6 లక్షలు 41 లక్షలే అవుతాయి.

ఇది చూశాక 20వ ఏట నెలకు 61,000 కట్టాలన్న టెన్షన్ నాకు పోయింది. మన ఫీల్డ్‌లో నలభై దాటాక హైకులు ఎలా ఉంటాయో మా సీనియర్లను చూస్తున్నాం, అప్పుడు పిల్లల ఫీజులూ హోమ్ లోన్ వాయిదాలూ ఉంటాయి. ఆ టైమ్‌కి పెంపు ఆగిపోయినా పెద్ద భాగం అప్పటికే అయిపోయి ఉంటుంది. పెళ్లి కాని, రూమ్ షేర్ చేసుకునే వయసులో పెంపు 10 శాతం కాదు, 15 శాతం పెట్టినా తప్పులేదు అంటాను.

అసలు పెంచకపోతే ఏమవుతుందో కూడా ఒక కాలమ్ వేశాను. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 20వ ఏట కట్టే 10,000 ఇవాళ్టి 3,300తో సమానం. స్థిరంగా కడుతున్నాం అనుకుంటాం గానీ నిజానికి ఏటా తగ్గించుకుంటూ పోతున్నాం. ఆ 1.99 కోట్లు కూడా ఇవాళ్టి లెక్కలో 62 లక్షలే, ఎగిరి గంతేయనక్కర్లేదు.

ప్రాక్టికల్‌గా ఎక్కడ ఆగిపోతుందంటే, బ్యాంక్ మ్యాండేట్ దగ్గర. ఆటో డెబిట్‌కి ఒప్పుకునేటప్పుడు గరిష్ఠ పరిమితి అడుగుతారు, అందరూ సిప్ మొత్తానికి కాస్త పైన ఏదో ఒకటి కొట్టేస్తారు. మా టీమ్‌లో ఒంగోలు కుర్రాడు 15,000 పెట్టాడు. 15,000 కడుతున్న సిప్ 16,500 కావాల్సిన నెలలో ఏ గొడవా లేదు, మెసేజ్ లేదు, పాత 15,000 మాత్రమే పోతూ వచ్చింది. "అన్నా, నాది ఆటోమేటిక్‌గా పెరుగుతోంది కదా" అంటుంటే స్టేట్‌మెంట్ తెరిపించాను, ఐదు నెలలుగా అదే అంకె. కొన్ని చోట్ల ఇలా పాత మొత్తం దగ్గరే ఆగుతుంది, కొన్ని చోట్ల డెబిట్టే ఫెయిలవుతుంది, అప్పుడు బ్యాంక్ పెనాల్టీ కూడా వేయొచ్చు, వరుసగా 3 నెలలు ఫెయిలైతే సిప్ రద్దయిపోతుంది. పరిమితి ఎక్కువ పెట్టినంత మాత్రాన ఎక్కువ కోయరు, సిప్ ఎంతో అంతే పోతుంది. 10,000తో మొదలుపెట్టినవాళ్లకు 25,000 పరిమితి పదో ఏట దాకా సరిపోతుంది, పదకొండో ఏట 25,937 దగ్గర తగులుకుంటుంది.

ఇంకోటి, టాప్-అప్ ఆప్షన్ పెట్టుకుంటే అది సాధారణంగా సిప్ మొదలుపెట్టిన నెలను బట్టే పెరుగుతుంది, మీ హైక్ కోసం ఆగదు. జనవరిలో మొదలుపెట్టి ఏప్రిల్ హైక్ ఉన్నవాళ్లకు ఏటా కొన్ని నెలలు పాత జీతంతో కొత్త సిప్ కట్టాల్సొస్తుంది. కొన్ని ఫండ్లలో శాతంగా కాకుండా 500 చొప్పున రూపాయల్లోనే పెంచనిస్తారు. ఏటా 1,000 పెంచితే మొదటి ఏడాది అది 10 శాతమే, పదకొండో ఏట 5 శాతం, కాబట్టి రూపాయల్లో పెట్టేవాళ్లు మూడు నాలుగేళ్లకోసారి ఆ మొత్తాన్నీ మార్చుకోవాలి. నేనైతే ఆటో పెట్టలేదు. ప్రతి జూలై పెరిగినంతకి అదే ఫండ్‌లో ఇంకో చిన్న సిప్ వేస్తున్నాను, ఈసారి 1,100ది. లిస్ట్ కాస్త పొడుగవుతుంది గానీ హైక్ రాని ఏడాది ఏమీ ఆపక్కర్లేదు, కొత్తది వేయకపోతే చాలు.

వచ్చే జూలై లెక్క 13,310. మ్యాండేట్ పరిమితి ఇప్పటికే 50,000కి మార్చాను, డెబిట్ అయ్యాక స్టేట్‌మెంట్ చూసి ఇక్కడ రాస్తాను.