రెండుసార్లు నడిచిన సెల్

నిన్న రాత్రి ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో, ఫిషింగ్ హార్బర్ చేపల తూకాల పట్టికను వీఎస్ కోడ్ నోట్‌బుక్‌లో సరిచూస్తుండగా, వేరియబుల్స్ ప్యానెల్ నుంచి `df` తెరిచి చూస్తే 4.2 టన్నులు ఉండవలసిన ఒక పడవ తూకం 0.0042గా కనిపించింది. ఫైలులో మాత్రం 4200 కిలోలు సరిగానే ఉన్నాయి. కిలోలను టన్నులుగా మార్చే సెల్ ఇది:

```python
df["wt"] = df["wt"] / 1000
```

ఫైలు చదివే సెల్ పక్కన అది నడిచిన వరుస సంఖ్య [4] అలాగే ఉండగా, దీని పక్కన [5] ఉండవలసిన చోట [9] ఉంది. అంటే అన్యమనస్కంగా (వంటింట్లో పులుసు పొంగుతోంది లెండి) దీన్ని మళ్లీ నడిపాను. కెర్నల్ అప్పటికే భాగించిన విలువలనే గుర్తుంచుకుని, వాటినే తిరిగి భాగించింది. ప్యానెల్ ప్రస్తుత విలువను చూపుతుందే కానీ, అది ఎలా వచ్చిందో చెప్పదు.

ఫలితాన్ని `df["tonnes"]` అనే వేరే నిలువు వరుసలోకి మార్చి, కెర్నల్‌ను రీస్టార్ట్ చేసి, అన్ని సెల్స్‌నూ పైనుంచి నడిపాను. ఇప్పుడు ఆ సెల్‌ను ఎన్నిసార్లు నడిపినా 4.2 కదలడం లేదు.