సగటు చూసి మాటిచ్చాను

పొద్దున్నే ఫోన్ తెరిస్తే నేను అమ్మే సైట్ నుంచి హెచ్చరిక. గత 30 రోజుల్లో 40 ఆర్డర్లు, అందులో 5 ఆలస్యం. అంటే పన్నెండున్నర శాతం. ఆలస్యాలు 4 శాతం దాటకూడదని అక్కడ గీత గీసి ఉంది. వేలల్లో అమ్మేవాళ్లకి ఒకటి రెండు లేటయినా కనబడవు. నాకున్న 40లో ఒకటి లేటైతే రెండున్నర శాతం, రెండోది అయిందంటే గీత దాటినట్టే.

ముందు కోపమొచ్చింది. శుక్రవారం సాయంత్రం ఫోన్ స్టాండుకి లేబుల్ ప్రింట్ తీసి, 'పంపించాను' అని నొక్కి, కొరియర్ కౌంటర్లో ఇచ్చి రసీదు కూడా తెచ్చుకున్నాను. అదెలా లేటవుతుంది? ట్రాకింగ్ తెరిచి చూస్తే సంగతి తెలిసింది. కొరియర్ బండి 4 గంటలకే వెళ్లిపోయింది. నేనిచ్చింది 5:40కి. కొరియర్ వాళ్ల మొదటి స్కాన్ సోమవారం పడింది. సైట్ లెక్కపెట్టేది ఆ స్కాన్‌నే, నా ప్రింటర్‌ని కాదు.

అసలు తప్పు ఇంకాస్త వెనక ఉంది. ఆ ఆర్డర్ గురువారం నాలుగున్నరకి వచ్చింది. ఏ రోజు ఆర్డర్ని ఆ రోజు లెక్కలో వేసుకునే నా కటాఫ్ 5 గంటలు కాబట్టి అది గురువారం ఆర్డరే. హ్యాండ్లింగ్ టైమ్, అంటే ఆర్డర్ వచ్చాక కొరియర్‌కి అప్పగించడానికి నేను పెట్టుకున్న సమయం, ఒక రోజు. కాబట్టి గడువు శుక్రవారం. బండి 4కే వెళ్లిపోయే చోట 5 గంటల కటాఫ్ ఎందుకు పెట్టానో నాకే తెలియదు. బహుశా మొదట్లో అలాగే వచ్చి ఉంటుంది, నేను ముట్టుకోలేదు. కటాఫ్ మధ్యాహ్నం 12కి పెట్టి ఉంటే అది శుక్రవారం ఆర్డర్ అయ్యేది, శని ఆదివారాలు మా లెక్కలో పనిదినాలు కావు కాబట్టి గడువు సోమవారానికి వెళ్లేది. అదే స్కాన్, లేటు కాదు. రెడీ సరుకులో లేటైన ఇంకో ఆర్డర్ కథా ఇదే.

మిగతా మూడూ పేరు చెక్కి ఇచ్చే చెక్క బోర్డులు. మధ్యాహ్నం నోట్‌బుక్ ముందేసుకుని, ఆర్డర్ రోజు నుంచి మొదటి స్కాన్ దాకా ఒక్కోదానికి ఎన్ని పనిదినాలు పట్టిందో రాశాను. మొత్తం 12 బోర్డులు. నాలుగింటికి రెండేసి రోజులు, ఐదింటికి మూడు, రెండింటికి నాలుగు, ఒకదానికి ఐదు. సగటు తీస్తే సరిగ్గా మూడు. లిస్టింగులో నేను పెట్టిందీ మూడే! అప్పట్లో ఎంత బాగా అంచనా వేశానో అని మురిసిపోయాను కూడా. కానీ సగటుకి పైన ఉన్న ప్రతి బోర్డూ లేటే కదా. పన్నెండులో మూడు.

ఐదు రోజులు పట్టిన దానికి కారణం గుర్తుంది. చివరి అక్షరం చెక్కుతుంటే చెక్క చీలింది, మళ్లీ మొదలుపెట్టాను. వార్నిష్ రెండు కోట్లు వెయ్యాలి, ఒక్కో కోటు ఆరడానికి ఒక రాత్రి. అంటే ఏ తప్పూ జరక్కపోయినా రెండు రాత్రులు పోతాయి. ఒక బోర్డు పాడైతే ఆ రెండు రాత్రులూ మళ్లీ మొదటికి. పేరు బోర్డులకి ఐదు రోజులు పెట్టాలని అక్కడే తేలిపోయింది.

తమ్ముడికి చెబితే, "ఐదు రోజులంటే ఎవరు కొంటారక్కా?" అన్నాడు. వాడి మాటలో నిజముంది. కొనేవాళ్లకి కనబడే డెలివరీ తేదీ హ్యాండ్లింగ్ రోజులు, కొరియర్ రోజులు కలిపి వచ్చేదే. అది దూరం జరిగితే కొందరు పక్క లిస్టింగుకి వెళ్లిపోతారు. "అన్నింటికీ పెట్టట్లేదురా," అన్నాను. స్టాండ్లు తయారుగా అరలో ఉంటాయి, వాటికి ఒక రోజే ఉంచి కటాఫ్ మాత్రం 12కి మార్చాను. భయపడి అన్నింటికీ ఐదు పెట్టి ఉంటే, రోజులో వెళ్లే సరుకుని కూడా నేనే వెనక్కి నెట్టుకున్నట్టయ్యేది. పేరు చెక్కించుకునేవాళ్లు కొంచెం ఆగుతారని నా నమ్మకం. చూడాలి.

సేవ్ నొక్కాక ఇంకోటి గమనించాను. మార్పు కొత్త ఆర్డర్లకే. చేతిలో ఉన్న మూడు బోర్డులూ పాత మూడు రోజుల మాట మీదే ఉన్నాయి. వాటిలో ఒకదానికి రేపే గడువు, దాని రెండో కోటు ఇప్పుడే వేశాను. ఫ్యాన్ కింద పెట్టి, కౌంటర్‌కి మూడింటికల్లా వెళ్లాలని ఫోన్లో అలారం పెట్టుకున్నాను. రాత్రి పది దాటాక ఓ మూల వేలు ఆనించి చూశాను. ఇంకా అంటుకుంటోంది. ముద్ర పడింది కూడా, సన్నటి గరుకు కాగితంతో రుద్దాలి పొద్దున్న.