సార్ క్యాలెండర్ అప్పగించి సెలవు మీద వెళ్తే...

మోకాలి లిగమెంట్ ఆపరేషన్ కోసం ఆరు వారాలు సెలవు పెట్టి, నిన్ననే తిరిగి డ్యూటీలో చేరాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నా పని మా డైరెక్టర్ గారి అపాయింట్‌మెంట్లు చూడటం. ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను, ఒకే టైమ్‌కి ఇద్దర్ని రమ్మన్న రోజు ఒక్కటి కూడా లేదు. ఆ గర్వమే కొంప ముంచింది. పని అప్పగించడమంటే క్యాలెండర్ చూసే పర్మిషన్ ఇచ్చేయడమే అనుకున్నాను.

పర్మిషన్ల పని పది నిమిషాల్లో అయిపోయింది. సార్ అవుట్‌లుక్‌లో మా జూనియర్‌ని డెలిగేట్‌గా పెట్టించి, ప్రైవేట్ అపాయింట్‌మెంట్లు కూడా కనపడేలా టిక్ పెట్టించాను. ఆ టిక్ పెట్టకపోతే సార్ సొంత పనులన్నీ వివరం లేకుండా కనిపిస్తాయి, వాటిలో ఏది కదపొచ్చో, ఏది కదపకూడదో ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?

ప్రతి బుధవారం సప్లయర్లతో జరిగే మీటింగ్ మాత్రం కాస్త తిప్పలు పెట్టింది. ఎప్పుడో సార్ క్యాలెండర్‌లోంచి కాకుండా నా క్యాలెండర్‌లోంచి పంపేశాను కాబట్టి దానికి ఆర్గనైజర్‌ని నేను. అవుట్‌లుక్‌లో ఆర్గనైజర్‌ని మార్చే వీలు లేదు. నేను లేనప్పుడు టైమ్ మార్చాల్సి వస్తే మార్చేవాళ్లు ఉండరు. చివరికి నా సిరీస్‌ని ఆ వారంతో ముగించేసి, సార్ పేరు మీద కొత్త సిరీస్ జూనియర్‌తో పంపించాను. మొత్తం డిలీట్ చేద్దామంది, నేనే వద్దన్నాను. అలా చేస్తే జరిగిపోయిన మీటింగుల ఎంట్రీలు కూడా పోతాయి.

ఆ తర్వాత హెచ్‌ఆర్ వాళ్ల హ్యాండోవర్ ఫారం. ఒక పేజీ, రెండు సంతకాలు. ఏమేం ఫైళ్లు ఇచ్చారని అడుగుతుందే గానీ, బయటివాళ్లలో ఎవరికి ఏ మాట ఇచ్చి ఉన్నారని ఎక్కడా అడగదు. అసలు దెబ్బ అక్కడే తగిలింది.

సెలవుకి ముందు సాయంత్రం బయటి కాంటాక్టులు 23 మందికీ ఒకే మెయిల్ కొట్టాను. అందరినీ బీసీసీలో పెట్టి, "రేపటి నుంచి నా బదులు ఫలానా వారు చూసుకుంటారు" అని రెండు లైన్లు. ఆటో రిప్లై కూడా పెట్టాను. కానీ అవుట్‌లుక్‌లో ఆఫీసులోవాళ్లకి ఒక బాక్సు, బయటివాళ్లకి వేరే బాక్సు ఉంటాయి. బయటి బాక్సు టిక్ పెట్టడం మర్చిపోయాను.

ఇక జరిగిన కథ. మా బోర్డులో ఒక పెద్దాయన ఉన్నారు, ఆయన అపాయింట్‌మెంట్లన్నీ పీఏ మేడమ్ చేతిలో ఉంటాయి. త్రైమాసిక రివ్యూ కోసం వెళ్లేముందు ఆవిడకి ఫోన్‌లో రెండు స్లాట్లు చెప్పాను: 14న ఉదయం 11, లేదా 16న మధ్యాహ్నం 3. ఆవిడ కనుక్కొని చెప్తానన్నారు. క్యాలెండర్‌లో ఆ రెండూ ఖాళీగానే ఉన్నాయి, ఎందుకంటే నేను వాటిని నా బుర్రలో హోల్డ్‌లో పెట్టుకున్నాను. ఎనిమిదేళ్ల అలవాటు.

జూనియర్ చూసింది, 14న 11 గంటలు ఖాళీ. ఆడిటర్లకి ఇచ్చేసింది. తన తప్పేం లేదు. 8న పీఏ మేడమ్ "14 ఓకే" అని నాకు మెయిల్ పెట్టారు. నేను కాలు పైకెత్తుకుని పడుకుని ఉన్నాను. ఆటో రిప్లై కూడా వెళ్లలేదు.

10న జూనియర్ తనంతట తనే ఆవిడకి మెయిల్ రాసింది. "ఇకపై అపాయింట్‌మెంట్ల విషయం నాకే పంపండి. రివ్యూకి వీలైన తేదీలు, గేట్ పాస్ కోసం ఫోన్ నంబరు, కారు నంబరు ఈ ఫారంలో నింపండి" అని కింద ఒక లింకు. మర్యాదగానే రాసింది పాపం. కానీ పరిచయం లేని మనిషి, ఎప్పుడూ చూడని అడ్రస్, పాత మనిషిని పక్కన పెట్టి నాకే పంపమనడం, వివరాలు అడగడం, లింకు నొక్కమనడం. ఫ్రాడ్ మెయిల్ గుర్తు పట్టడానికి ట్రైనింగుల్లో నేర్పేవన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ దాన్ని వాళ్ల ఐటీ వాళ్లకి పంపించి, నేరుగా మా సార్‌కి ఫోన్ చేశారు: "మీ ఆఫీసు పేరు చెప్పి ఎవరో మోసం చేస్తున్నారు సార్."

సార్ నాకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే, "ఏమ్మా, చెప్పలేదా వాళ్లకి?" తిట్టినా బాగుండేది.

నేను పీఏ మేడమ్‌కి చేస్తే, ఆవిడ నా గొంతు కూడా నమ్మలేదు! "పోయినసారి రివ్యూ ఏ కారణంతో వాయిదా పడింది, చెప్పండి" అన్నారు. ఎనిమిదేళ్లు మాట్లాడుకున్న మనుషులం. పరీక్షలో కూర్చున్నట్టు జవాబు చెప్పాను. మరి నా మెయిల్ చూడలేదా అంటే, "చూశానండీ, అందులో నా పేరు ఎక్కడుంది? సర్క్యులర్ అనుకున్నాను" అన్నారు. నోరు పెగల్లేదు. నిజమే కదా, 23 మందికి రాసిన మెయిల్ ఏ ఒక్కరికీ రాసినట్టు కాదు.

జూనియర్‌ని కూడా లైన్లోకి తీసుకుని ముగ్గురం మాట్లాడుకున్నాం. ఈలోగా 16 కూడా పోయింది, రివ్యూ 21కి పడింది. ఫోన్ పెట్టేశాక జూనియర్ ఏడుపు గొంతుతో "అక్కా, నేను దొంగలా కనిపించానా?" అంది. ఏం చెప్పను!

ఆ రాత్రి మంచం మీదే మిగతావాళ్ల పని పట్టాను. అందరికీ కాదు, నెలలో కనీసం రెండుసార్లు మాట్లాడే తొమ్మిది మందికి. కొత్త మెయిల్ కాకుండా, ఒక్కొక్కరితో చివరగా నడిచిన మెయిల్ కిందే రిప్లై ఇచ్చి, జూనియర్‌ని సీసీలో పెట్టాను. పాత సంభాషణ కిందే ఉంటే ఇది నేనే అని వాళ్లకి అనుమానం ఉండదు. "నేను ఫలానా తేదీ వరకు సెలవులో ఉన్నాను. 18న 4 గంటల స్లాట్ మీకోసం ఉంచాం, ఈ శుక్రవారంలోపు ఈవిడకి చెప్పండి" అని వాళ్ల పేరు, వాళ్ల పని రాశాను. మొదటి జవాబు నాకూ తనకూ కలిపి వచ్చాకే నేను తప్పుకున్నాను. ఇదే పని సెలవుకి వారం ముందు చేసి ఉంటే ఒక్క ఫోను కూడా వచ్చేది కాదు.

ఫోన్‌లో చెప్పిన స్లాట్లన్నీ గుర్తు తెచ్చుకుని, క్యాలెండర్‌లో "హోల్డ్" అని, ఎవరికోసమో, ఏ తేదీ వరకో రాసి టెంటటివ్‌గా పెట్టించాను. మొత్తం పదకొండు తేలాయి. పదకొండు! ఇన్ని బుర్రలో పెట్టుకుని తిరుగుతూ నన్ను నేను మెచ్చుకున్నాను చూడండి.

ఆటో రిప్లై బయటి బాక్సు కూడా అప్పుడే నింపాను. దాని మీదే ఆధారపడకండి. ఒక మనిషికి అది ఒక్కసారే వెళ్తుంది. మొదటి వారం చూసి మర్చిపోయి నాలుగో వారం మళ్లీ మీకే రాస్తే, వాళ్లకి ఏ జవాబూ రాదు.

నిన్న వచ్చాక తొమ్మిది మందికీ మళ్లీ అదే పద్ధతిలో, ఈసారి జూనియర్ చేత, నేను వచ్చేశానని రాయించాను. పీఏ మేడమ్ అయిదు నిమిషాల్లో జవాబిచ్చారు: "సంతోషం. అయితే వచ్చే రివ్యూ డేట్లు ఆ అమ్మాయితోనే మాట్లాడుతున్నాను, తననే కానివ్వండి."