23 డిమాండ్లతో వెళ్లి తలదించుకుని వచ్చాం: మా మెమోరాండం కథ

నిన్న మధ్యాహ్నం పొద్దుటి షిఫ్టు దిగేసరికి టైమాఫీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉంది. వచ్చే నెల నుంచి, షిఫ్టు దాటి ఆగినందుకు ఇచ్చే ఓటీని బేసిక్ జీతం, కరువు భత్యం డీఏ రెండూ కలిపి, దాని మీద డబుల్ రేటుతో కడతారట. మూడు నెలల బకాయి రెండు విడతల్లో ఇస్తారట. ఆ కాగితం ముందు నిలబడి నాలుగుసార్లు చదివాను. నాలుగు నెలల క్రితం ఇదే ఓటీ అడగబోయి మేనేజరు గదిలోంచి చెవులు ఎర్రబడి బయటికి వచ్చినవాణ్ణి నేను. అందుకే వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

మాది విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లు. నేను స్పిన్నింగులో పనిచేస్తాను, యూనియన్‌లో జాయింట్ సెక్రటరీని. మెమోరాండం ఇవ్వాలని 2024 వేసవిలో జనరల్ బాడీలో తీర్మానం చేశాం. అది తేలిగ్గానే అయింది. టౌన్ నుంచి మా పెద్ద నాయకుడు ఒకాయన వచ్చి, వేరే ఫ్యాక్టరీకి రాసిన పాత కాగితం ఇచ్చి, పేరు మార్చి వాడుకోమన్నాడు. మేమూ అలాగే చేశాం. ఎవరు ఏది చెబితే అది కలిపేశాం. చివరికి 23 డిమాండ్లు తేలాయి. మొదటిది నెలకు అయిదు వేలు జీతం పెంపు. ఓటీ ఎనిమిదోది. చల్లటి నీళ్ల కూలర్ పదిహేడోది. ఆడవాళ్ల మరుగుదొడ్లు పంతొమ్మిదోది. ‘ఓటీ సక్రమంగా చెల్లించాలి’ అని ఒక్క వాక్యం రాసి, కింద 412 సంతకాలు పెట్టించాం. సంతకాలు ఎక్కువుంటే బలం ఎక్కువని అప్పటి మా లెక్క.

పర్సనల్ మేనేజరు మమ్మల్ని కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. అక్కడే అనుమానం రావాల్సింది. కాగితం తీసి కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. కూలర్ ఇస్తామన్నాడు. క్యాంటీన్‌లో రెండు ఫ్యాన్లు ఇస్తామన్నాడు. సైకిల్ స్టాండు మీద రేకులు వేయిస్తామన్నాడు. ఒక్కొక్క దానికీ పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ పోయాడు. పది నిమిషాల్లో పదకొండు టిక్కులు. మా వాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి. పైన ఉన్నవాటి దగ్గరకు వచ్చేసరికి పెన్ను మూసి, “చూడండి, సగం ఒప్పుకున్నాం. మిగతా సగం మీరు వదులుకోవాలి కదా” అన్నాడు.

నాకు అప్పటికి అర్థం కాలేదు కానీ ఆ పదకొండూ కలిపినా మిల్లుకు మహా అయితే లక్షన్నర ఖర్చు. ఓటీ ఒక్కటే ఏడాదికి అంతకంటే ఎక్కువ. పెద్దవీ చిన్నవీ ఒకే వరసలో పెడితే అవతలివాడు ఖరీదు చూసి ఏరుకుంటాడు, మనం సంఖ్య చూసి సంబరపడతాం.

ఇంతటితో అయిపోతే బాగుండేది. నేను ఊరుకోలేక, “ఓటీ సంగతి ఏంటి సార్?” అన్నాను.

“సక్రమంగా ఇవ్వట్లేదని రాశారు. ఎవరికి?”

“అందరికీ సార్.”

“ఒకరి పేరు చెప్పండి. ఏ నెల? ఎన్ని గంటలు? ఎంత రావాలి, ఎంత వచ్చింది?”

నా దగ్గర జవాబు లేదు. నా ఓటీ ఎంత వస్తుందో నాకే రూపాయల్లో తెలీదు. పక్కన మా ప్రెసిడెంటు గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. మేనేజరు ఇంటర్‌కమ్‌లో టైమాఫీసు క్లర్కుని పిలిపించి, మా ఎదురుగానే, “ఈయన ఓటీ లెక్క ఈయనకి చెప్పి పంపించు” అన్నాడు. ఆ క్లర్కు నాకంటే పదేళ్లు చిన్న. వాడు నవ్వు ఆపుకుంటూ నా ఖాతా చదివి వినిపించాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నాకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడ, “ఏటయ్యింది?” అని అడిగితే కడుపు నొప్పి అని అబద్ధమాడాను.

మర్నాడు నా జీతం స్లిప్పులు వెతికితే మూడు దొరికాయి. ఒకటి చొక్కా జేబులోనే చెమటకి నానిపోయి అక్షరాలు పోయాయి. మిగతా రెండూ పట్టుకుని, మా మిల్లులోనే టైమ్‌కీపరుగా చేసి రిటైరైన పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని రెండు నిమిషాల్లో చెప్పేశాడు.

నా రోజు బేసిక్ 360, డీఏ 160. మొత్తం 520. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 65. అప్పుడు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం రోజుకు తొమ్మిది గంటలు గానీ, వారానికి 48 గంటలు గానీ దాటితే ఆ పైన డబుల్ కట్టాలి. అంటే గంటకు 130. మిల్లు ఇస్తున్నది 90. బేసిక్‌ని మాత్రమే డబుల్ చేసి డీఏని వదిలేస్తున్నారు. ఆ సెక్షన్‌లో మామూలు రేటంటే బేసిక్‌తో పాటు అలవెన్సులు కూడా అని ఉంది, బోనస్సూ ఓటీ మాత్రం చేరవు. గంటకు 40 రూపాయలు తేడా. నెలకు నాలుగుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు ఆగితే 16 గంటలు, 640 రూపాయలు. మూడు నెలలకు 1,920. ఇన్నేళ్లూ నా చేతికి వచ్చేది ఎంతో నాకు తెలుసు, రావాల్సింది ఎంతో తెలీదు. అదీ సంగతి.

అప్పటి నుంచి 19 రోజులు స్లిప్పులు పోగుచేయడమే పని. రమ్మంటే ఎవరూ రారు. “ఏటి బావా, ఇప్పుడు ఈ కాగితాలెందుకు?” అనేవారు. సంతకం పెట్టమంటే పెట్టేస్తారు, స్లిప్పు అడిగితే మాత్రం భార్యని అడగాలంటారు. చివరికి 61 మందివి మూడు నెలలకీ దొరికాయి. ఫోన్లో ఫొటో తీసుకుని, ఒరిజినల్ వాళ్లకే ఇచ్చేశాం. ఒరిజినళ్లు యూనియన్ బీరువాలో పెట్టుకోకండి. ఎలుకలు ఉండేది అక్కడే.

లెక్క టైపు చేయించడానికి ముందు పెద్దాయన ఒక మాట అడిగాడు: “ఆ వారాల్లో వీళ్లెవరైనా నాగా పెట్టారా?” మేం ఆ ఆలోచనే చేయలేదు. ఆయన చెప్పింది ఇది. ఆరు రోజులూ వస్తే 48 గంటలు అవుతాయి, ఆపైన ప్రతి గంటా ఓటీయే. కానీ ఒకరోజు నాగా ఉంటే ఆ వారం 40 గంటలే. దానికి నాలుగు గంటలు కలిపినా 44, వారం లెక్కలో 48 దాటదు. అప్పుడు రోజు లెక్క ఒక్కటే మిగులుతుంది. ఆరోజు మనిషి పనిచేసింది 12 గంటలు, తొమ్మిది దాటినవి మూడు. మేం నాలుగు వేశాం. ఒక గంట ఎక్కువ. మళ్లీ హాజరు చూసుకుంటే అలాంటివాళ్లు తొమ్మిది మంది తేలారు. వాళ్ల గంటలు తగ్గించాం. తగ్గించినందుకు ఇద్దరు నాతో వారం మాట్లాడలేదు. అయినా మొత్తం తేడా లక్షా నాలుగు వేలు దాటింది.

ఇక వరస మీద గొడవ. సీనియర్లు జీతం పెంపే మొదట ఉండాలని పట్టుబట్టారు. పెద్దాయన, “చట్టం ప్రకారం ఇప్పటికే మనకు రావాల్సింది ఒకటి, కొత్తగా అడుగుతున్నది ఇంకొకటి. రెండూ కలిపితే బేరంలో రెండూ పోతాయి” అన్నాడు. ఓటీని మొదట పెట్టడానికి అందరూ ఒప్పుకున్నారు.

రెండోది జీతం పెంపు అనుకుంటుండగా వైండింగులో పనిచేసే అక్క ఒకామె లేచింది. ఆమె యూనియన్ మీటింగులో మాట్లాడటం నేను అదే మొదలు చూడటం. చేతిలో పిల్లల నోటుబుక్కులోంచి చింపిన కాగితం. “మా డిపార్ట్‌మెంట్లో ఆడోళ్లం 84 మందిమి. దొడ్లు రెండు. ఒకదానికి తాళం. నేను ఆరు రోజులు లెక్కపెట్టినాను. టీ టైము పదిహేను నిమిషాల్లో పదకొండు మందికే వంతు వస్తాది. మిగతావోళ్లు నీళ్లు తాగడం మానేసినారు. పంతొమ్మిదోది ఎలాగయ్యింది బాబూ ఇది?” అంది. ఎవరూ నోరెత్తలేదు. ఫ్యాక్టరీ రూల్స్ ప్రకారం ప్రతి 25 మంది ఆడవాళ్లకు ఒకటి ఉండాలి. అంటే నాలుగు కావాలి. ఇన్నాళ్లూ మా కాగితంలో ‘తగినన్ని మరుగుదొడ్లు’ అని రాశాం. ఆమె తెచ్చిన లెక్క ముందు నా స్లిప్పుల లెక్క కూడా చిన్నగా కనిపించింది. రెండో స్థానం ఆమెదే అయింది.

మూడోది కాంట్రాక్టు వాళ్ల పీఎఫ్. జీతంలో కోసింది మర్నెల 15లోగా జమ కావాలి. తొమ్మిది మంది పాస్‌బుక్కులు ప్రింటు తీయిస్తే నాలుగు నెలలు ఖాళీ. ప్రింటులు జతచేశాం, పైన మళ్లీ ఏమీ రాయలేదు. నాలుగోది జీతం పెంపు. కూలరూ ఫ్యాన్లూ రేకులూ కలిపి చివర ‘ఇతర సౌకర్యాలు’ అని ఒకే డిమాండు చేశాం. మొత్తం అయిదు. మెమోరాండం రెండు పేజీలు, జతపరిచిన పట్టికలు పద్నాలుగు.

ఇవ్వడం ఇంకో తలనొప్పి. ఇన్‌వార్డులో కూర్చునే మనిషి కాగితం తీసుకుంటాడు, మన కాపీ మీద స్టాంపు మాత్రం వేయడు. “సారు లేరు” అంటాడు. మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి వెళ్లకుండా పోస్టాఫీసుకి వెళ్లి, రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో పంపాం. ఒక కాపీ సహాయ కార్మిక కమిషనర్ ఆఫీసుకి కూడా పంపి, ఆ సంగతి మెమోరాండం కింద రాశాం. కార్డు తిరిగొచ్చిన మూడో రోజే పిలుపొచ్చింది. స్టాంపు కోసం కాళ్లరిగేలా తిరగకండి, పోస్టులో పంపేయండి.

ఈసారి టీ లేదు. మేనేజరు పట్టిక తిప్పుతూ వేలితో వరసలు చూస్తున్నాడు. ఆయన ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. క్లర్కుతో నాగా రిజిస్టరు తెప్పించాడు. అయిదు పేర్లు సరిచూశాడు, ఆరోది మొదలుపెట్టి మూసేశాడు. నేను క్యాలెండరు వైపు చూడలేదు, ఆయన మొహం వైపే చూశాను. రాసుకోవడానికి గొప్పగా ఉందని తెలుసు, కానీ ఆ అయిదు నిమిషాలు నావి.

“ఇది హెడ్డాఫీసుకి పంపాలి” అన్నాడు చివరికి. తాళం మాత్రం ఆ సాయంత్రమే తీశారు. మిగతా రెండూ కట్టడానికి కొలతలు తీసుకెళ్లారు. పీఎఫ్ రెండు నెలలది జమైంది, ఇంకా రెండున్నాయి. జీతం పెంపు ఎటూ తేల్లేదు, దాని మీద లేబర్ ఆఫీసులో వచ్చే వారం కూర్చోబోతున్నాం. అక్కడ చూపించాల్సిన ధరల పట్టిక ఈసారి వైండింగు అక్కే తయారుచేస్తానంది.

కూలర్ ఇంకా రాలేదు. మొదటిసారి టిక్కు పెట్టిన పదకొండులో అదొకటి.